దినారు నిలబడింది, రూపాయి పడింది: ఎందుకు?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా తిరుపతిలో జరిగిన మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల క్రితం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు, క్యూలో నా ముందు నిలబడిన ఒక రిటైర్డు ఉపాధ్యాయులవారు నన్నొక ప్రశ్న అడిగారు. వారిది పీలేరు పక్క పల్లె. ఒక కొడుకు కువైట్‌లో, ఇంకొకడు దుబాయిలో ఉన్నారు. "ఏం సార్, మీరు బ్యాంకులో విదేశీ మారకం సెక్షన్ చూసినోళ్లు గదా. దుబాయి దిర్హాం డాలరుకు 3.67 అంటారు, నా పెద్దకొడుకు పోయినప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఇసుక తప్ప ఏమీ పండని దేశం డబ్బు కదలకుండా నిలబడితే, ఇంత పెద్ద దేశం రూపాయి ఎందుకు రోజూ ఊగులాడుతుంది? మన ప్రభుత్వం కూడా ఒక రేటు కట్టి పెట్టేయొచ్చు గదా?" అన్నారు. క్యూలో నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకే కార్యదర్శిగారు ఏదైనా మాట్లాడమన్నప్పుడు ఈ విషయమే ఎంచుకున్నాను.

ముందుగా ఒక పాత సంగతి. కువైట్‌లో ఒకప్పుడు చెల్లింది మన రూపాయే. దుబాయి, బహ్రెయిన్, ఖతార్‌లలో కూడా అంతే. మన రూపాయలతో అక్కడ బంగారం కొని దొంగతనంగా ఇక్కడికి తేవడం ఎక్కువై మన విదేశీ నిల్వలు కరిగిపోతుంటే, 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్‌కు వేరుగా నోట్లు అచ్చువేసింది. విలువ మాత్రం మన రూపాయితో సమానమే. 1961 ఏప్రిల్ 1న కువైట్ సొంత దినారు తెచ్చుకుంది. ఆ రోజు ఒక దినారుకు పదమూడు రూపాయల చిల్లర, అంటే ఒక బ్రిటిష్ పౌను విలువ. 1966 జూన్ 6న మన ప్రభుత్వం డాలరు ధరను 4.76 రూపాయల నుంచి 7.50కి మార్చింది. దాంతో మిగిలిన గల్ఫ్ దేశాలలో కూడా రూపాయి వాడేవారికి ఒక్క రోజులో మూడోవంతు పైగా విలువ పోయింది. ఖతార్, దుబాయి అదే సంవత్సరం మన రూపాయిని వదిలేశాయి. ఇంకొకరి కరెన్సీని నమ్ముకుంటే వారి కష్టం కూడా మన ఇంటికి వస్తుంది. ఈ మాట తర్వాత అవసరపడుతుంది.

ఇప్పుడు అసలు కథ. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అప్పుడు నేను పాత చిత్తూరు జిల్లాలోనే ఒక శాఖలో ఉన్నాను. పీలేరు, కలికిరి, రాయచోటి, రాజంపేట వైపు పల్లెలలో ఆ ఆగస్టు ఎలా గడిచిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు. తర్వాత జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానాలు నడిపి, లక్షా పదివేలకు పైగా మనవాళ్లను దేశానికి చేర్చారు.

అలా వచ్చిన ఒక అబ్బాయి వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని నా కౌంటరు దగ్గరకు వచ్చాడు. నడుముకు కట్టుకున్న బెల్టు విప్పి, లోపల కుట్టిన దినారు నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. మూడేళ్ల కష్టం. మద్రాసు నుంచి మాకు వచ్చే రేట్ల కాగితంలో పౌనుంది, డాలరుంది, మార్కుంది. కువైట్ దినారు ఎదురుగా గీత మాత్రమే ఉంది. "రేటు లేదు నాయనా" అన్నాను. "పోయిన నెల అరవై రూపాయలుండె గద సార్" అన్నాడు. ఆ తల్లి మాత్రం "దుడ్డు మంచిదే గద సామీ, చిరిగిపోలేదు గద" అంది. ఆమెకు జవాబు చెప్పలేకపోయాను.

జవాబు ఏమిటంటే, నోటు విలువ కాగితంలో లేదు. ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, ఈ కాగితం తెస్తే ఇన్ని డాలర్లు ఇస్తాను అని నిలబడి ఉండాలి. ఆగస్టులో ఆ నిలబడేవాడు లేడు. స్థిర మారకం రేటు అంటే ఇదే. ప్రభుత్వం గెజిట్‌లో ఒక అంకె ప్రకటించగానే రేటు స్థిరపడదు. ఆ అంకె దగ్గర ఎవరు డాలరు అమ్మవచ్చినా కేంద్ర బ్యాంకు కొనాలి, ఎవరు డాలరు అడిగినా ఇవ్వాలి. కొనడం సులభం, తన నోట్లు తానే అచ్చువేసి ఇస్తుంది. ఇవ్వడమే కష్టం. డాలర్లను అచ్చువేయలేదు గదా, తన పెట్టెలోంచి తీయాలి. పెట్టె నిండుగా ఉన్నంత కాలం రేటు నిలుస్తుంది. ఖాళీ అయిన రోజు, ఎంత గట్టి ప్రకటనైనా పోతుంది.

చలన మారకం రేటులో ఈ పూచీ ఉండదు. డాలరు కావలసినవాడు, డాలరు ఉన్నవాడు బజారులో బేరమాడుకుంటారు. మన రైతుబజారులో టమోటా ధర లాగా రేటు రోజూ కదులుతుంది. కేంద్ర బ్యాంకు మరీ ఎక్కువ ఊగినప్పుడు కొంత కొని, కొంత అమ్మి సర్దుబాటు చేస్తుంది గాని ఫలానా రేటుకే ఇస్తానని మాట ఇవ్వదు.

1991లో ఏమైందో ఇప్పుడు చూడండి. ఆ సంవత్సరం ఫిబ్రవరి చివరకు కువైట్ విముక్తమయింది. దేశంలో నూనె బావులు మండుతున్నాయి. బ్యాంకులు దోపిడీ అయ్యాయి, కేంద్ర బ్యాంకులోని నోట్లను కూడా ఎత్తుకుపోయారు. అలాంటి స్థితిలో మార్చి 24న ఆ దేశం కొత్త నోట్లు విడుదల చేసి, ఆక్రమణకు ముందురోజు ఉన్న రేటుకే దినారును మళ్లీ నిలబెట్టింది. నాలుగు నెలలు కూడా తిరగకముందే, ఒక్క బాంబు కూడా పడని మన దేశంలో, జూలై 1న ఒకసారి, జూలై 3న మరొకసారి రూపాయి విలువ తగ్గించారు. జూన్ చివర 21 రూపాయలున్న డాలరు మూడు రోజుల్లో 26కు చేరింది.

కొల్లగొట్టిన దేశం డబ్బు నిలబడింది. మన డబ్బు పడింది. ఎందుకు?

పెట్టెలో ఉన్న తేడా అది. కువైట్ 1953 నుంచే నూనె డబ్బులో కొంత లండన్‌లో పెట్టుబడి పెడుతూ వచ్చింది. 1976లో భావి తరాల కోసమని వేరే నిధి కూడా ఏర్పాటు చేసింది. ఇరాక్ సైన్యం కువైట్ నగరాన్ని పట్టుకుంది గాని, లండన్, న్యూయార్క్‌లలోని ఆ ఆస్తులను పట్టుకోలేకపోయింది. సౌదీలోని తాయిఫ్‌లో తలదాచుకున్న కువైట్ ప్రభుత్వం ఆ నిధితోనే నడిచింది. తిరిగి వచ్చాక "ఈ కాగితం తెండి, డాలర్లిస్తాం" అనగలిగింది.

మన పెట్టె సంగతి వేరు. ఆ రోజుల్లో రూపాయి కూడా ఒక విధంగా కట్టిపెట్టిన రేటే. 1975 సెప్టెంబరు నుంచి కొన్ని ముఖ్య దేశాల కరెన్సీల బుట్టకు దానిని ముడివేశారు. రిజర్వు బ్యాంకు పౌను ధర ప్రకటించేది, మేము దాని ప్రకారం లెక్కలు కట్టేవాళ్లం. కువైట్ యుద్ధంతో మనకు రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. 20 డాలర్ల లోపున్న బ్యారెల్ నూనె ధర 1990 అక్టోబరులో 40 దాటింది. అక్కడి మనవాళ్లు పంపే డబ్బు ఆగిపోయింది. విదేశాలలోని మనవాళ్లు భయపడి ఇక్కడి డిపాజిట్లు కూడా వెనక్కు తీసుకోసాగారు. రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడే డాలర్లే మిగిలాయి. జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువ పెట్టి అప్పు తెచ్చింది. ఇంట్లో తాళి తాకట్టు పెట్టిన స్థితి. అలాంటి పెట్టెతో పాత రేటుకు పూచీ పడలేరు.

ఆ తర్వాత 1992 మార్చిలో సగం దారి వేశారు. వచ్చిన డాలర్లలో 40 శాతం సర్కారు రేటుకు, 60 శాతం బజారు రేటుకు లెక్కించేవాళ్లం. కౌంటరులో ఒక్క డ్రాఫ్టుకు రెండు లెక్కలు వేసి మాకు తల తిరిగేది. 1993 మార్చిలో ఆ తేడా కూడా తీసేసి, రేటును బజారుకు వదిలారు. అప్పటికి డాలరు 31 దాటింది. ఆనాటి సంక్షోభంలో ఢిల్లీ ఆర్థిక శాఖలో ఈ చెల్లింపుల వ్యవహారం చూసిన అధికారులలో, తర్వాత 2003 నుంచి 2008 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేసిన వై.వి. రెడ్డిగారు కూడా ఉన్నారు. వారిది మన పక్కనే, రాజంపేట ప్రాంతం.

ఇది ఒక ఇంటి లెక్కలో చూద్దాం. కువైట్‌లోని ఒక అబ్బాయి నెలకు 60 దినార్లు పంపుతాడనుకోండి. 1990 జూలైలో దినారు సుమారు 60 రూపాయలు, కాబట్టి ఇంటికి 3,600 వచ్చేవి. అతను 1991 జూలైకి తిరిగి వెళ్లి అంతే పంపి ఉంటే, దినారు సుమారు 88 రూపాయలు, ఇంటికి 5,280. 1993 మధ్యలో దినారు వంద దాటింది, ఇంటికి ఆరు వేలకు పైన. అబ్బాయి జీతం ఒక్క ఫిల్సు పెరగలేదు. పల్లెలో మాత్రం "కువైట్ దుడ్డుకు విలువ పెరిగింది" అనుకున్నారు. పెరిగింది దినారు కాదు, తగ్గింది రూపాయి. అదే రూపాయితో మనం కొనే పెట్రోలు, ఎరువు, గ్యాసు ఖరీదయ్యాయి. గల్ఫ్‌లో ఎవరూ లేని ఇంటికి, పెన్షను ఒక్కటే ఆధారమైన ఇంటికి, ఆ ఖర్చే మిగిలింది.

మరి కట్టిపెట్టిన రేటు మంచిదైతే అందరూ ఎందుకు కట్టరు? కట్టే దేశాలు ఎందుకు కడతాయి?

గల్ఫ్ దేశాలు అమ్మేది ముఖ్యంగా ఒకటే సరుకు, నూనె. దానికి ధర డాలర్లలోనే. బియ్యం నుంచి సిమెంటు దాకా కొనేవి బయటి నుంచి. రాబడి డాలరులో, ఖర్చు బయటి సరుకు మీద ఉన్నప్పుడు రేటు కదిలితే దేశంలో ప్రతి ధరా కదులుతుంది. అందుకని సౌదీ 1986 నుంచి డాలరుకు 3.75 రియాళ్లని, దుబాయి ఉన్న ఎమిరేట్స్ 1997 నుంచి 3.6725 దిర్హాములని కట్టుకున్నాయి. నూనె అమ్మిన డాలర్లు ముందుగా ప్రభుత్వం చేతికే వస్తాయి కనుక పెట్టె నిండుతుంది. అంతేకాదు, చిన్న దేశానికి సొంత కరెన్సీ మీద జనానికి నమ్మకం కుదరడానికి చాలా ఏళ్లు పడుతుంది. డాలరుకు ముడివేస్తే ఆ నమ్మకం అరువుగా దొరుకుతుంది.

అరువుకు వడ్డీ ఉంటుంది. డాలరు ఎప్పుడూ 3.6725 దిర్హాములే అయితే, అమెరికాలో వడ్డీ ఎక్కువై దుబాయిలో తక్కువగా ఉంటే జనం దిర్హాములు డాలర్లుగా మార్చి అటు పంపేస్తారు, పెట్టె కరుగుతుంది. అందుకని అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచితే వీరూ పెంచాలి. 2022లో అమెరికా వరుసగా పెంచినప్పుడు ఎమిరేట్స్ కూడా వెంటవెంటనే పెంచింది, దుబాయి వ్యాపారానికి అది అవసరమా కాదా అన్న చర్చే లేదు. డబ్బు స్వేచ్ఛగా వచ్చిపోవడం, రేటు కదలకుండా ఉండడం, వడ్డీ మన చేతిలో ఉండడం, ఈ మూడింటిలో ఏ దేశానికైనా రెండే దొరుకుతాయి. కోటాను కోట్ల రైతులు, చిన్న వ్యాపారులు అప్పుల మీద బ్రతికే మన దేశం, పంట పోయిన సంవత్సరం కూడా అమెరికా చెప్పిన వడ్డీ వసూలు చేయలేదు. మనం వదులుకున్నది కదలని రేటు.

ముడి ఎవరితో వేశామన్నది కూడా ముఖ్యమే. కువైట్ 1975 నుంచి కరెన్సీల బుట్టకు ముడివేసుకుని, గల్ఫ్ దేశాలన్నిటికీ ఒకే కరెన్సీ తేవాలన్న ఆలోచనతో 2003 జనవరిలో డాలరుకు మారింది. ఆ తర్వాత డాలరే పడిపోసాగింది. యూరప్ నుంచి కొనే సరుకు కువైట్‌లో ఖరీదైంది. 2007 మే 20న కువైట్ డాలరు ముడి విప్పి మళ్లీ బుట్టకు వెళ్లింది. దుబాయి కదల్లేదు.

మాస్టారుగారి ఇద్దరు కొడుకులనే తీసుకుందాం. 2007 మొదట్లో డాలరు సుమారు 44 రూపాయలు, చివరకు 39.40 దగ్గర. దుబాయి కొడుకు వెయ్యి దిర్హాములు పంపితే, జనవరిలో దాదాపు 12,000 రూపాయలు, డిసెంబరులో 10,700. పదకొండు శాతం నష్టం. కువైట్ కొడుకు వంద దినార్లు పంపితే, జనవరిలో సుమారు 15,300, డిసెంబరులో 14,400. ఆరు శాతం నష్టం. ఒకే పల్లె, ఒకే ఇల్లు. ఒకడి దేశం డాలరుతో పాటు పడింది, ఇంకొకడి దేశం కాస్త పక్కకు తప్పుకుంది. ఆ సంవత్సరం మన చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వారికి కూడా ఇదే బాధ. గల్ఫ్‌కు, యూరప్‌కు డాలర్లలో బేరం కుదుర్చుకుని, తోతాపురి కాయలకు రూపాయల్లో చెల్లించాలి. డాలరు పడితే ఆ తగ్గింపు చివరకు రైతు కాయ ధర మీదకే వస్తుంది.

ఇంకొక సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. కదలని రేటు ఉన్న దేశంలో కష్టం రాదా అంటే, వస్తుంది, వేరే ద్వారం గుండా వస్తుంది. 2014 మధ్యలో వంద డాలర్ల పైనున్న నూనె 2016 జనవరికి 30 దిగువకు పడింది. సౌదీ రియాలు 3.75 నుంచి కదల్లేదు. కదిలింది పనులు. నిర్మాణాలు ఆగాయి. 2016లో వేలాది మంది మన కార్మికులు నెలల తరబడి జీతం లేక క్యాంపుల్లో చిక్కుకుంటే, మన రాయబార కార్యాలయం వారు తిండి పెట్టించవలసి వచ్చింది. మన దగ్గర దెబ్బ తగిలితే రూపాయి పడి, పెట్రోలు బంకు దగ్గర తలా కొంచెం కడతాం. అక్కడ రేటు పడదు గనుక, వీసా మీద పనికి పోయిన మనిషి కడతాడు.

ముడి తెగబోతోందని ముందుగా ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. నా అనుభవంలో రెండు గుర్తులున్నాయి. ఒకటి, సర్కారు రేటుకు, చాటుమాటు రేటుకు తేడా పెరగడం. 1991కి ముందు మా బ్యాంకు రేటు కంటే హవాలావాడు ఎక్కువిచ్చేవాడు, అందుకే చాలామంది డబ్బు మా కౌంటరుకు రాకుండా అటు పోయేది. బజారు అబద్ధమంటున్న రేటును సర్కారు ఎక్కువ కాలం మోయలేదు. రెండవది, నిల్వలు ఎన్ని నెలల దిగుమతులకు, దగ్గర్లో తీర్చవలసిన అప్పులకు సరిపోతాయో చూడడం. థాయిలాండు తన బాట్‌ను డాలరుకు 25 దగ్గర కాపాడుకోవడానికి నిల్వలలో చాలా భాగం ముందస్తు ఒప్పందాలలో అమ్మేసుకుంది. పుస్తకంలో డాలర్లు కనిపించాయి గాని, అవి అప్పటికే ఇంకొకరివి. 1997 జూలై 2న ముడి వదిలేస్తే, ఆరు నెలల్లో డాలరు 50 బాట్లు దాటింది. ఊగే రేటు రోజూ కొంచెం కొంచెంగా పడుతుంది, కట్టిన రేటు పడితే ఒక్కసారే పడుతుంది.

మాస్టారుగారికి నా జవాబు ఇది. మనం నూనె అమ్మే దేశం కాదు, కొనే దేశం. 2024లో మన నిల్వలు 600 బిలియన్ డాలర్లు దాటిన మాట నిజమే. ఆ పెట్టె రూపాయి మరీ జారకుండా పట్టుకోవడానికి చాలు, ఒకే అంకెకు కట్టి పెట్టడానికి కాదు. కాబట్టి దినారు రేటు 1961లో పదమూడు, 2024లో 270 దాటిందని విని సంతోషించే ముందు, కదిలింది ఎవరో చూసుకోండి. ఇల్లు కట్టడానికో పెళ్లికో అప్పు చేసేటప్పుడు ఈరోజు రేటుతో ఇరవై ఏళ్ల లెక్క వేయకండి. 2007లో అలా వేసినవారి వాయిదాలు తప్పడం నేను చూశాను.

బెల్టు విప్పిన ఆ అబ్బాయి 1992లో మళ్లీ కువైట్ వెళ్లాడు. వెళ్లే ముందు నా దగ్గరకు వచ్చి, పాత నోట్లలో ఒకటి చూపించి "ఇది మాత్రం మా అమ్మ దాచుకుంటానంది సార్" అన్నాడు. చిరిగిపోలేదు, మంచిగానే ఉంది.